వాక్యం చివరిదాకా ఊపిరి



ఈ రెండు మాటలు వినండి. రాలేదు. రాలేడు. ఇంకోసారి చెప్తాను. రాలేదు. రాలేడు. మొదటిది జరిగిపోయిన సంగతి. మనిషి రాలేదు. రెండోది వేరే సంగతి. అతనికి రావడం కుదరదు, రాలేడు. ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది? చివరి అక్షరంలో ఉంది. దు, డు. అంతే. అదే చివరి అక్షరం రు అయిందనుకోండి, రాలేరు అవుతుంది. అప్పుడు ఒక్కరి గురించి కాదు, నలుగురి గురించో, పెద్దమనిషి గురించో చెప్తున్నట్టు.

మన తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. పని జరిగిందా లేదా, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఇవన్నీ ఆ క్రియ కొసన ఉంటాయి. మరి పైకి చదివేవాళ్ళకి ఊపిరి అయిపోయేది ఎక్కడ? సరిగ్గా అక్కడే. వాక్యం మొదట్లో గొంతు గట్టిగా ఉంటుంది. మధ్యకు వచ్చేసరికి కాస్త తగ్గుతుంది. చివరికొచ్చేసరికి దు అన్నారో, డు అన్నారో వినేవాళ్ళకు తెలియదు. అసలు విషయం ఉన్నచోటే గొంతు పోతుంది.

రోజూ పది నిమిషాలు పైకి చదవమని మన ఇళ్ళల్లో పిల్లలకు చెప్తూనే ఉంటాం. ఆ పది నిమిషాల్లో ఏం చెయ్యాలో మాత్రం చెప్పం. ఈరోజు అది చెప్తాను. ఉచ్చారణ, వేగం, తడబడకుండా చదవడం, ఈ మూడింటికీ మూడు సాధనలు అక్కర్లేదు. మూడూ ఊపిరి దగ్గర కలుస్తాయి. ఎక్కడ ఆగాలో తెలిస్తే ఊపిరి మిగులుతుంది. ఊపిరి మిగిలితే చివరి అక్షరం వినపడుతుంది. ఎక్కడ ఆగాలో తెలియాలంటే కన్ను నోటికన్నా ముందు ఉండాలి.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. మా పక్కింట్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో పొద్దున ప్రార్థన దగ్గర వార్తలు చదివే వంతు ఆమెకు వచ్చింది. సాధన చేయించమని వాళ్ళమ్మ నా దగ్గరకు పంపింది. నేను కాగితం మీద ఒక వాక్యం రాసిచ్చాను. వార్తల్లో వచ్చేలాంటి వాక్యమే. వినండి.

కాలువకు నీళ్ళు వదిలిన అధికారులు, చివరి గ్రామాల రైతులు ఇంకా నాట్లు మొదలుపెట్టలేదని తెలిసి, మరో వారం రోజులపాటు నీటి సరఫరా కొనసాగించాలని నిర్ణయించారు.

పెద్ద వాక్యమే. అయినా పత్రికల్లో ఇంతకన్నా పెద్దవి రోజూ వస్తాయి. ఆ అమ్మాయి ఎలా చదివిందో చూడండి. కాలువకు నీళ్ళు వదిలిన. అక్కడ ఆగింది. ఊపిరి పీల్చుకుంది. అధికారులు చివరి. మళ్ళీ ఆగింది. గ్రామాల రైతులు ఇంకా నాట్లు మొదలుపెట్ట. ఇంకోసారి ఆగింది. అలా ఈదుకుంటూ వెళ్ళి, చివర్లో నిర్ణయించా అని వదిలేసింది. రు వినపడలేదు. మొత్తం 20 సెకన్లకు పైనే పట్టింది.

ఇందులో ఉచ్చారణ తప్పు ఎంత? వేగం తప్పు ఎంత? విడదీసి చెప్పగలమా? మొదటి ఆగుడు దగ్గరే చూద్దాం. వదిలిన అని ఆగింది కదా. మాట మధ్యలో తెగినట్టు ఆగితే గొంతు చివరి అచ్చును సాగదీస్తుంది. వదిలిన కాస్తా వదిలినా అయింది. వదిలిన అధికారులు అంటే నీళ్ళు వదిలింది ఆ అధికారులే. వదిలినా, అధికారులు అంటే? నీళ్ళయితే వదిలారు, అయినా ఏదో జరిగింది అని చెవికి వినపడుతుంది. అక్షరాలన్నీ సరిగానే పలికింది. ఆగకూడని చోట ఆగింది, అంతే. దాంతో హ్రస్వం దీర్ఘం అయింది, అర్థం మారిపోయింది.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. ఈరోజు నేను చెప్పేవాటిలో దీన్నే ముఖ్యంగా పట్టుకోండి. వచ్చి అనే మాట తర్వాత ఆగొచ్చు. వచ్చిన అనే మాట తర్వాత ఆగకూడదు. వచ్చి, తెలిసి, చూసి, ఇలాంటివి ఒక పని ముగిసిందని చెప్తాయి. అక్కడ చిన్న విరామం చెవికి హాయిగా ఉంటుంది. వస్తే, వచ్చినా, వచ్చారని, వచ్చారు కాబట్టి, వీటి తర్వాత కూడా అంతే. కానీ వచ్చిన, తెలిసిన, వదిలిన, వీటి తర్వాత వచ్చే మాట వీటికి అతుక్కుని ఉంటుంది. వచ్చిన మనిషి. తెలిసిన ఊరు. వదిలిన అధికారులు. విడదీయకూడదు. చివరి గ్రామాలు, పాత ఇల్లు, పెద్ద చెరువు, ఇవీ అలాంటి జంటలే. మళ్ళీ చెప్తాను. వచ్చి తర్వాత ఆగొచ్చు. వచ్చిన అయితే తర్వాతి మాటను కలుపుకునే చదవాలి.

ఆ వాక్యంలో మరి ఎక్కడ ఆగాలి? మూడు చోట్ల. కాలువకు నీళ్ళు వదిలిన అధికారులు, ఇక్కడ ఒకసారి. ఇక్కడ ఆగకపోతే అధికారులు చివరి గ్రామాల రైతులు అని రెండు కర్తలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అధికారులే రైతులా అని వినేవాళ్ళకు అనుమానం వస్తుంది. తర్వాత, చివరి గ్రామాల రైతులు ఇంకా నాట్లు మొదలుపెట్టలేదని తెలిసి, ఇక్కడ రెండోసారి. మరో వారం రోజులపాటు నీటి సరఫరా కొనసాగించాలని, ఇక్కడ మూడోసారి, చాలా కొద్దిగా. ఇక మిగిలింది నిర్ణయించారు. ఆ ఒక్క మాటకు ఊపిరి కావలసినంత ఉంటుంది. రు నిండుగా పలుకుతుంది.

నోరు అధికారులు అంటుండగా కన్ను రైతుల దగ్గర ఉండాలి. సైకిల్ తొక్కేవాళ్ళు ముందు చక్రం వంక చూడరు, నాలుగు గజాల అవతల రోడ్డు చూస్తారు. ఇదీ అంతే. తడబడే వాళ్ళకు కన్ను, నోరు ఒకే మాట మీద ఉంటాయి. తర్వాత ఏం వస్తుందో తెలియదు కాబట్టి ఎక్కడ పడితే అక్కడ ఆగుతారు.

ఇప్పుడు ఆ పది నిమిషాలు ఎలా గడపాలో చెప్తాను. చిన్న భాగం తీసుకోండి. పైకి చదివితే ఒకటిన్నర నిమిషం పట్టేంత. సుమారు 120 మాటలు ఉంటే చాలు. ఒక పేరా, లేదా రెండు చిన్న పేరాలు. చేతిలో పెన్సిలు ఉండాలి.

ముందు ఒక నిమిషం పైకి చదవకండి. కంటితో చూస్తూ, ఆగాల్సిన చోట పెన్సిలుతో చిన్న గీత గీయండి. అంకెలు ఉంటే వాటిని ఎలా పలకాలో అప్పుడే తేల్చుకోండి. 3.5 లక్షలు అని ఉంటే మూడున్నర లక్షలు అనాలి. బాగా చదివేవాళ్ళు కూడా అంకె దగ్గర ఆగిపోతారు. పక్కన పెన్సిలుతో అక్షరాల్లో రాసుకుంటే ఆ బెడద ఉండదు. రేడియోలో చదివే కాగితాల మీద మేం చేసేది కూడా ఇదే.

గీతలు పెట్టాక మొదటిసారి పైకి చదవండి. మధ్యలో తప్పొస్తే వెనక్కి వెళ్ళకండి. తడబడిన మాట కింద చుక్క పెట్టి ముందుకు వెళ్ళండి. చివరిదాకా చదివాక ఆ చుక్కల దగ్గరకు రండి. రెండు, రెండున్నర నిమిషాలు వాటికే ఇవ్వండి. తర్వాత మొత్తం రెండోసారి చదవండి. మూడోసారి చదివేటప్పుడు ఫోనులో రికార్డు చెయ్యండి. చివర్లో అది వినండి. మొత్తం కూడితే పది నిమిషాలకు అటూ ఇటూగా వస్తుంది. మర్నాడు అదే భాగం. ఆ మర్నాడూ అదే. మూడు రోజులయ్యాక కొత్తది తీసుకోండి.

రోజుకో కొత్త పేజీ చదివితే ఎక్కువ లాభం కదా అని మీకు అనిపించవచ్చు. రోజూ కొత్తదైతే ప్రతిరోజూ మొదటి చదువే అవుతుంది. అంటే ప్రతిరోజూ తడబాటునే సాధన చేసినట్టు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జే శామ్యూల్స్ అనే ఆచార్యుడు 1979లో ఈ పద్ధతి గురించి ఒక వ్యాసం రాశారు. చదవడంలో వెనకబడిన పిల్లలకు చిన్న భాగం ఇచ్చి, అనుకున్న వేగం వచ్చేదాకా అదే మళ్ళీ మళ్ళీ చదివించారు. ఆ తర్వాతే కొత్తది ఇచ్చారు. ఆయన గమనించిన విషయం ఏమిటంటే, కొత్త భాగానికి వెళ్ళినప్పుడు దాని మొదటి చదువే ముందటి భాగం మొదటి చదువు కన్నా బాగుండేది. అనుకున్న వేగం రావడానికి కావలసిన సార్లూ తగ్గుతూ వచ్చాయి. మాటను గుర్తుపట్టడానికే మనసంతా ఖర్చయిపోతే అర్థానికి ఏమీ మిగలదన్నది ఆయన చెప్పిన కారణం.

అయితే ఒక జాగ్రత్త. నిమిషానికి ఇన్ని మాటలు అనే ఇంగ్లీషు లెక్కలు మనకు పనికిరావు. వెళ్ళిపోవాలనుకుంటున్నాను, ఇది మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో అదే సంగతికి నాలుగైదు మాటలు పడతాయి. అందుకని మీ పిల్లల వేగాన్ని ఏ పట్టికతోనూ పోల్చకండి. అదే భాగం నిన్న ఎంతసేపు పట్టింది, ఈరోజు ఎంతసేపు పట్టింది, అది చూస్తే చాలు.

ఇప్పుడు ఆ చుక్కల దగ్గరకు వద్దాం. తడబడిన మాటను ఎలా బాగుచేయాలి? పెద్ద మాటను చివరినుంచి కట్టుకుంటూ రండి. ఆ అమ్మాయి మొదలుపెట్టలేదని అనే మాట దగ్గర ఆగింది కదా. మొదట లేదని అనిపించాను. తర్వాత పెట్టలేదని. ఆ తర్వాత మొదలుపెట్టలేదని. మీరూ అనండి. లేదని. పెట్టలేదని. మొదలుపెట్టలేదని. మొదటినుంచి కడితే మొదలు అనేది మూడుసార్లు పలుకుతాం, లేదని ఒక్కసారే పలుకుతాం. చివరినుంచి కడితే చివరి ముక్క అన్నిసార్లూ నోట్లో పడుతుంది. గొంతు జారేది అక్కడే కాబట్టి ఎక్కువ సాధన కూడా అక్కడే జరగాలి.

నిర్ణయించారు అనే మాటలో ఆమెకు ఇంకో ఇబ్బంది ఉంది. ణ బదులు న వస్తోంది. నిర్నయించారు అంటోంది. దీనికి తేలిక మార్గం ఉంది. ట అనండి. నాలుక కొన ఎక్కడికి వెళ్ళింది? వెనక్కి మడుచుకుని అంగిలికి తగిలింది. నాలుకను అక్కడే ఉంచి ణ అనండి. అక్కడినుంచే ళ అనండి. ట, ణ, ళ. మూడూ ఒకే చోటినుంచి వస్తాయి. న, ల అయితే నాలుక ముందుకు, పళ్ళ వెనక్కి వస్తుంది. కల అంటే నిద్రలో వచ్చేది. కళ అంటే నాట్యమో, సంగీతమో. చెవికి తేడా తెలియకపోయినా నాలుకకు తెలుస్తుంది. ముందు నాలుకతో మొదలుపెడితే చెవి దాని వెనకే నేర్చుకుంటుంది.

ఒత్తు అక్షరాలు కూడా చాలామందిని ఇబ్బంది పెడతాయి. కథ, కద. పథం, పదం. థ పలికేటప్పుడు అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకోండి. గాలి చేతికి తగలాలి. ద అన్నప్పుడు అంతగా తగలదు. ఖ, ఫ కూడా ఇలాగే సరిచూసుకోవచ్చు. ఫలం అన్నప్పుడు పెదవులు రెండూ కలిసి విడిపోవాలి. పై పళ్ళు కింది పెదవికి తగిలితే అది ఇంగ్లీషు అక్షరం అయిపోతుంది. ఇవన్నీ ఒకే రోజు పట్టుకోకండి. మూడు రోజుల భాగానికి ఒక్క ధ్వని చాలు. ఈ భాగంలో ణ. వచ్చే భాగంలో ఒత్తులు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ నేను యాస గురించి మాట్లాడటం లేదు. శ్రీకాకుళం అయినా, కరీంనగర్ అయినా, కడప అయినా, మీ ఊరి రాగం మీ గొంతులో ఉండనివ్వండి. అది మీ ఆస్తి. కాగితం మీద కల, కళ అని రెండు వేరు వేరు మాటలుంటే వినేవాళ్ళకు రెండుగా అందాలి. నేను అడుగుతున్నది అంతే. పిల్లలు చదువుతుండగా యాసను వెక్కిరిస్తే వాళ్ళు నోట్లోనే గొణుగుతారు. గొణిగితే తప్పు మనకు వినపడదు, దిద్దడానికి వీలుండదు.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరకు వద్దాం. రెండోరోజు గీతల దగ్గర ఆగడం అలవాటైంది. మూడోరోజు ఆ వాక్యాన్ని 12 సెకన్లలో చదివింది. రు వినపడింది. ణ పలికింది. నాకు చాలా సంతోషం వేసింది. ఆ ఉత్సాహంలో ఇంకా తొందరగా చదువుతానంది. ఈసారి 9 సెకన్లు. కానీ నిర్ణయించారు మళ్ళీ నిర్ణయించా అయింది. తెలిసి దగ్గర విరామం మాయమైంది. అంటే ఆ వాక్యానికి ఆమె గొంతులో సరైన వేగం 12 సెకన్ల దగ్గర ఉంది. వేగం పెంచుతూ పోయినప్పుడు చివరి అక్షరం ఎక్కడ పోతుందో, అక్కడినుంచి ఒక అడుగు వెనక్కి రావాలి. మీ వేగం ఎంత ఉండాలో చెప్పే కొలత అదే.

మూడోరోజు ఇంకో ప్రమాదం కూడా ఉంది. పిల్లలకు భాగం కంఠతా వచ్చేస్తుంది. కళ్ళు కాగితం మీద ఉంటాయి గాని చదవరు, అప్పజెప్తారు. ఎలా కనిపెట్టాలి? చివరి వాక్యంతో మొదలుపెట్టి, ఒక్కో వాక్యం చొప్పున పైకి చదువుకుంటూ రమ్మనండి. కంఠతా వచ్చినవాళ్ళు అక్కడ తడుముకుంటారు. చదివేవాళ్ళు మామూలుగానే చదువుతారు. తడుముకుంటే ఆ భాగాన్ని ఇక చదివించక్కర్లేదు, కొత్త భాగానికి వెళ్ళిపోండి.

రికార్డు చేసింది వినేటప్పుడు కాగితం చేతిలో పెట్టుకోకండి. కాగితం చూస్తూ వింటే కన్ను చదివేస్తుంది, చెవి ఊరుకుంటుంది. వినపడని అక్షరం కూడా వినపడినట్టే ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో ఉంటే ఇంకా మంచిది. వాళ్ళు పక్క గదిలో కూర్చోవాలి. మీరు ఇక్కడినుంచి చదవాలి. చదివాక వెళ్ళి అడగండి. అమ్మమ్మా, నీళ్ళు ఎవరు వదిలారు? నాట్లు ఎవరు వెయ్యలేదు? ఎన్నాళ్ళు నీళ్ళిస్తామన్నారు? ఆమె చెప్పగలిగితే మీ విరామాలు సరిగా పడినట్టు. రైతులే నీళ్ళు వదిలారట కదా అన్నారనుకోండి, ఎక్కడ తేడా వచ్చిందో మీకు తెలుసు. అధికారులు దగ్గర ఆగలేదు.

ఏం చదవాలని చాలామంది అడుగుతారు. మొదట్లో పత్రికలో వార్త, లేదా పాఠ్యపుస్తకంలో వచనం తీసుకోండి. ఆ తర్వాత సంభాషణలున్న కథలు. పద్యం కాస్త ఆగి మొదలుపెట్టండి. పద్యంలో పాదం ముగిసేచోట మాట ముగియకపోవచ్చు. అర్థం ఒకచోట ఆగమంటుంది, నడక ఇంకోచోట ఆగమంటుంది. వచనంలో విరామం పట్టుబడ్డాక పద్యం చదివితే రెండింటినీ కలుపుకోవడం తెలుస్తుంది.

ఈ సాధన అన్నిటికీ మందు కాదు. వత్తులు, గుణింతాలు ఇంకా గుర్తుపట్టలేని పిల్లలకు ఈ పది నిమిషాలు శిక్షలా ఉంటాయి. వాళ్ళకు ముందు అక్షరాలు రావాలి. నత్తి ఉన్నవాళ్ళను గడియారం పెట్టి చదివించకండి. వాళ్ళకు మాట చికిత్స చేసే నిపుణుల సాయం కావాలి. ఇంకొకటి, తనకు తెలియని తప్పును ఎవరూ ఒంటరిగా దిద్దుకోలేరు. ఏ మాటైనా ఎలా పలకాలో తెలియకపోతే, తెలిసినవాళ్ళను ఒకసారి పలకమని అడిగి, విని, ఆ తర్వాతే సాధన మొదలుపెట్టండి. తప్పును పదిసార్లు చదివితే తప్పే స్థిరపడుతుంది.

నాలుగోరోజు ఆ అమ్మాయికి కొత్త వార్త ఇచ్చాను. పెన్సిలు పట్టుకోకుండానే మొదటిసారి చదవమన్నాను. వచ్చిన, చేసిన లాంటి మాటల దగ్గర ఎక్కడా ఆగలేదు. తర్వాతి మాటను కలుపుకునే చదివింది. ణ మాత్రం రెండుచోట్ల న అయింది. పెద్ద వాక్యాల చివర గొంతు ఇంకా జారుతోంది. ఆగడం ముందు వచ్చింది. ధ్వని కుదురుకోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. చాలామంది విషయంలో ఈ వరసలోనే జరుగుతుంది. అందుకని మొదటి వారం విరామాలే చూడండి. ధ్వనుల కోసం రెండో వారంనుంచి పట్టుబట్టండి.